ఎత్తు ఆగిన ఏడాది: పిల్లల్లో థైరాయిడ్ మందగిస్తే

విశాఖలో కేజీహెచ్ చుట్టుపక్కల, రామ్‌నగర్ వైపు ఉన్న ల్యాబుల్లో పొద్దున్నే రక్తం ఇవ్వడానికి వచ్చి కూర్చున్నవాళ్లలో థైరాయిడ్ పరీక్ష రాయించుకున్నవాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. (ఆ పరీక్ష ఒక్కదానికే అయితే పరగడుపున రావాల్సిన పనిలేదు, అయినా అందరూ అలాగే వస్తారు.) ఒళ్లు వస్తోంది, జుట్టు రాలుతోంది, నీరసంగా ఉంటోంది అంటే డాక్టర్లు రాసే మొదటి పరీక్షల్లో అదొకటి. అందుకే థైరాయిడ్ తగ్గిందంటే ఈ మూడే గుర్తులని ఇంటిల్లిపాదికీ ఒక లెక్క ఉండిపోయింది.

ఈ లెక్క పిల్లల దగ్గర పనిచేయదు. పెద్దవాళ్ల ఒళ్లు పెరగడం ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగిస్తే ఆ ప్రభావం బరువు మీద, ఓపిక మీద కనిపిస్తుంది. పిల్లల శరీరం ఇంకా పెరుగుతూ ఉంటుంది. హార్మోను తగ్గగానే మొదట దెబ్బతినేది ఆ పెరుగుదలే. నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బడం కనిపించడానికి ఏడాది రెండేళ్ల ముందే ఎత్తు పెరిగే వేగం పడిపోయి ఉంటుంది. కాకపోతే ఎత్తు తగ్గదు, నొప్పి పుట్టదు, జ్వరంలా ఒక్కరోజులో బయటపడదు. పోయిన ఏడాది కొలత రాసిపెట్టుకున్న ఇంట్లో తప్ప అది ఎవరి కంటా పడదు.

థైరాయిడ్ హార్మోనుకీ ఎముకకీ సంబంధం రెండు దారుల్లో ఉంటుంది. చేతుల్లో, కాళ్లలో పొడవాటి ఎముకల చివర మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడుగయ్యేది అక్కడే. ఆ పొరలోని కణాలు ఎదిగి, గట్టిపడి, ఎముకగా మారడానికి థైరాయిడ్ హార్మోను నేరుగా కావాలి. రెండోది, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి గ్రోత్ హార్మోను సరిగ్గా విడుదల కావాలన్నా థైరాయిడ్ హార్మోను తగినంత ఉండాలి. ఒక్క థైరాయిడ్ తగ్గితే ఈ రెండు పనులూ ఒకేసారి నెమ్మదిస్తాయి.

నాలుగేళ్ల కొలతలు

నాలుగేళ్ల వయసు నుంచి యుక్తవయసు మొదలయ్యే దాకా ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. యుక్తవయసు ఊపు అందుకున్నాక ఇది 8, 9 దాకా వెళ్తుంది, మగపిల్లల్లో ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. యుక్తవయసు ఇంకా మొదలవని పిల్లలు ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగలేదంటే కారణం వెతకాల్సిందే.

గాజువాకలో ఉండే ఒక పాపను ఊహించుకుందాం. ఏడేళ్లప్పుడు ఆమె ఎత్తు 119 సెం.మీ., బరువు 21 కిలోలు. ఎనిమిదేళ్లకు 125, తొమ్మిదేళ్లకు 128.5, పదేళ్లకు 130.5, పదకొండేళ్లకు 132. అంటే మొదటి ఏడాది 6 సెంటీమీటర్లు, తర్వాత మూడున్నర, రెండు, చివరికి ఒకటిన్నర. ఈ నాలుగేళ్లలో బరువు మాత్రం 21 నుంచి 34 కిలోలకు చేరింది.

ఈ పాపను పదకొండో ఏట ఒక్కసారే చూసిన డాక్టరుకు పెద్ద తేడా కనిపించకపోవచ్చు. ఆ వయసు ఆడపిల్లల్లో 132 సెం.మీ. అంటే పొట్టివైపే, అయినా వయసుకు తగ్గ ఎత్తు చూపే పటంలో కింది గీత దాటి పడిపోయేంత పొట్టి కాదు. క్లాసులో ఇంకో ఇద్దరు ముగ్గురు అలాంటి పిల్లలు ఉండే ఉంటారు. అమ్మ కూడా పొడగరి కాకపోతే మాట అక్కడితో ఆగిపోతుంది. అయితే ఏడేళ్లప్పుడు ఈ పాప ఎత్తు పటం మధ్య గీత దగ్గరే ఉంది. నాలుగేళ్లలో గీత తర్వాత గీత దాటుకుంటూ కిందికి జారింది. పుట్టుకతో పొట్టిగా ఉండే పిల్లలు ఇలా జారరు. కింది గీత మీద ఉన్నా దాని వెంటే పెరుగుతూ పోతారు. ఇప్పుడు ఎంత ఎత్తు ఉందన్నది కాక పోయిన ఏడాది నుంచి ఎంత పెరిగిందన్నది అడిగి ఉంటే, ఈ పాప సంగతి తొమ్మిదేళ్లకే తేలిపోయేది.

ఎత్తు ఎక్కడా రాయడం లేదని కాదు. చాలా బళ్లలో ప్రోగ్రెస్ కార్డు వెనక ఎత్తు, బరువు గడులు ఉంటాయి. చెప్పులతో కొలిచినవి, పోయిన ఏడాది అంకెనే మళ్లీ దించినవి అందులో బోలెడు. ఇంట్లో కొలుచుకోవడం తేలికే. చెప్పులు, సాక్సులు తీసేయాలి. కొప్పు గానీ క్లిప్పు గానీ ఉంటే విప్పాలి. మడమలు, పిరుదులు గోడకు ఆనాలి, చూపు నేరుగా ఎదురుగా ఉండాలి. తల మీద గట్టి అట్టపుస్తకం పెట్టి, దాని అంచు గోడకు ఆనిన చోట పెన్సిలుతో గీసి, టేపుతో కొలవాలి. ఇలా ఆర్నెల్లకోసారి కొలిస్తే చాలు. నెలనెలా కొలిస్తే అనవసరమైన టెన్షన్ తప్ప ఏమీ తెలియదు. కొలతలోనే అర సెంటీమీటరు అటూ ఇటూ పోతుంది, నెలలో పెరిగేది కూడా అంతే.

బరువు దగ్గర మన ఇళ్లలో లెక్క తలకిందులుగా ఉంటుంది. లావుగా ఉన్న పిల్లాణ్ని చూడగానే థైరాయిడ్ ఏమో అంటారు. తిండి ఎక్కువై, ఆట తక్కువై లావెక్కిన పిల్లలు సాధారణంగా తమ ఈడు పిల్లలకంటే పొడుగ్గానే ఉంటారు. ఒంటికి అందే అదనపు శక్తి ఎత్తును కూడా కొంత ముందుకు తోస్తుంది. థైరాయిడ్ తగ్గిన పిల్లల్లో బరువు పెరిగేది మరీ ఎక్కువేమీ కాదు, అందులో కొంత ఒంట్లో నిలిచిన నీరే. కాని ఎత్తు ఆగిపోతుంది కాబట్టి బొద్దుగా కనిపిస్తారు. బొద్దుగా ఉండి పొడుగ్గా పెరుగుతున్న పిల్లాడికి థైరాయిడ్ తగ్గి ఉండే అవకాశం చాలా తక్కువ. బొద్దుగా ఉండి ఎత్తు ఆగిపోయిన పిల్లకు ఆ పరీక్ష ఆలస్యం చేయకూడదు.

ఇక్కడే ఇంకో తికమక ఉంది. లావుగా ఉన్న పిల్లలకు పరీక్ష చేయిస్తే, థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోను కొంచెం ఎక్కువగా, 5 నుంచి 10 మధ్యలో, రావడం మామూలే. అసలు హార్మోను ఫ్రీ టీ4 మాత్రం సరిగ్గానే ఉంటుంది. బరువు వల్ల టీఎస్‌హెచ్ కాస్త పెరుగుతుంది, బరువు తగ్గితే అదీ దిగుతుంది. దానికి మాత్ర మొదలుపెడితే పిల్లాడు సన్నబడడు. పైగా చిన్నప్పుడే థైరాయిడ్ పేషెంట్ అనే ముద్ర పడి, ఏళ్ల తరబడి సీసాలు కొంటూ ఉంటారు. ఫ్రీ టీ4 సరిగ్గా ఉండి, ఎత్తు సరిగ్గా పెరుగుతూ, మెడ దగ్గర వాపు లేకుండా, థైరాయిడ్ మీద తిరగబడే యాంటీబాడీలు కూడా లేకపోతే, కొన్ని నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేయించడం మంచి పద్ధతి.

గాజువాక పాప సంగతి అలాంటిది కాదు. పరీక్షలో టీఎస్‌హెచ్ 100 దాటింది, ఫ్రీ టీ4 ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. టీఎస్‌హెచ్ అనేది పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే హుకుం. థైరాయిడ్ పని చేయకపోయేకొద్దీ ఆ హుకుం గొంతు పెంచుతుంది. ఎత్తు ఆగిపోయినప్పుడు ఈ రెండు పరీక్షలూ కలిపి చేయించాలి. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే అసలు పిట్యూటరీయే దెబ్బతిన్న పిల్లలు తప్పిపోతారు. వాళ్లలో హుకుం జారీ చేసే చోటే లోపం ఉంది కాబట్టి, హార్మోను అడుగంటినా టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపిస్తుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతున్న అమ్మాయిలు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. కొన్ని ల్యాబు యంత్రాల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగానూ, టీ4 ఎక్కువగానూ చూపిస్తాయి.

కారణం కోసం చూసే పరీక్ష యాంటీ టీపీవో యాంటీబాడీలు. ఈ పాపలో అవి బాగా ఎక్కువగా ఉన్నాయి. ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద తిరగబడి దాన్ని నెమ్మదిగా పాడుచేసే జబ్బు ఇది. 1912లో దీన్ని మొదట వివరించిన జపాన్ సర్జన్ పేరుతో హషిమోటో థైరాయిడైటిస్ అంటారు. అయోడిన్ సరిపడా దొరికే చోట బడి వయసు పిల్లల్లో థైరాయిడ్ మందగించడానికి అతి ముఖ్యమైన కారణం ఇదే. మగపిల్లలకంటే ఆడపిల్లల్లో ఎక్కువ, పదేళ్లు దాటాక ఇంకా ఎక్కువ. ఇంట్లో అమ్మో, పిన్నో, మేనత్తో ఇదే మాత్ర వేసుకుంటూ ఉండటం తరచుగా కనిపిస్తుంది. టైప్ 1 డయాబెటిస్, డౌన్ సిండ్రోమ్, టర్నర్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ కాబట్టి, వాళ్లకు ఏ లక్షణమూ లేకపోయినా క్రమం తప్పకుండా థైరాయిడ్ పరీక్ష చేయిస్తారు.

ఉప్పులో అయోడిన్ లేకపోవడం వల్లనేమో అన్న అనుమానం పెద్దవాళ్లకు వస్తుంది. ఒకప్పుడు అది న్యాయమైన అనుమానమే. 1962లో దేశంలో గాయిటర్, అంటే థైరాయిడ్ వాపు, నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు వంటకు అమ్మే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి, ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం ఉండాలి. నగరంలో ప్యాకెట్ ఉప్పు వాడే ఇంట్లో పిల్లకు థైరాయిడ్ తగ్గితే, కారణం ఉప్పు డబ్బాలో దొరకడం అరుదు. ఉప్పు ఎక్కువ వేసినా, అయోడిన్ చుక్కలు కొని తాగించినా హషిమోటో తగ్గదు. అయోడిన్ మితిమీరితే అది ఇంకాస్త రెచ్చిపోవచ్చు కూడా.

బుద్ధిమంతురాలి మార్కులు

చదువు సంగతి చాలామంది అనుకున్నట్టు ఉండదు. థైరాయిడ్ తగ్గితే మెదడు మొద్దుబారుతుందన్న భయం పుట్టు లోపం ఉన్న పసిపిల్లల నుంచి వచ్చింది. అక్కడ ఆ భయం నిజమే. మొదటి రెండు మూడేళ్లలో మెదడు నిర్మాణానికి ఈ హార్మోను తప్పనిసరి. పుట్టిన కొద్దిరోజుల్లోనే కనిపెట్టి మందు మొదలుపెట్టకపోతే జరిగిన నష్టం తిరిగి రాదు. పుట్టిన బిడ్డ మడమ నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించేది ఇందుకే. మూడేళ్లు దాటాక హార్మోను తగ్గితే మెదడు నెమ్మదిస్తుంది గాని, తెలివితేటలకు శాశ్వతంగా దెబ్బ తగలదు. ఎనిమిదో తొమ్మిదో ఏట జబ్బు మొదలైన పిల్ల తల్లిదండ్రులు డాక్టరును అడిగే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి, ఈ తేడా వాళ్లకు స్పష్టంగా తెలియాలి.

అయితే మార్కులు పడిపోతాయా? కొందరికి పడతాయి. పాఠం అర్థమైనా రాయడానికి ఎక్కువసేపు పడుతుంది, సాయంత్రం ట్యూషన్‌లో కునుకు వస్తుంది, పరీక్షలో చివరి ప్రశ్నకు టైం చాలదు. కాని మార్కులు అసలు తగ్గని పిల్లలు కూడా చాలామందే. పైగా వాళ్లు బడిలో మెచ్చుకోళ్లు అందుకుంటూ ఉంటారు. ఆటల పీరియడ్‌లో పరుగెత్తరు, క్లాసులో పక్కవాళ్లతో మాట్లాడరు, కూర్చున్న చోట నుంచి కదలరు, హోంవర్క్ గుండ్రటి అక్షరాలతో రాసుకొస్తారు. మన బళ్లలో దీన్ని జబ్బు అనరు, బుద్ధిగా ఉండటం అంటారు. గాజువాక పాప తరగతిలో రెండో మూడో ర్యాంకులో ఉంటూ వచ్చింది. పేరెంట్స్ మీటింగులో టీచరు చెప్పిన ఒకే ఒక్క మాట, "మీ అమ్మాయిలాంటి పిల్లలు క్లాసుకు పదిమంది ఉంటే చాలండీ" అని. మార్కులు బాగున్నాయి కాబట్టి ఒంట్లో ఏమీ లేదనుకోవడం వల్లే రోగం కనిపెట్టడం ఏళ్ల తరబడి వెనకబడుతుంది.

ఇంట్లో మాత్రం కొన్ని సంగతులు దాగవు. విశాఖలో మే నెల ఉక్కపోతకు అందరూ ఫ్యాను కింద చేరితే, ఆ పాప ఫ్యాను తగ్గించమంటుంది, రాత్రి దుప్పటి మెడదాకా కప్పుకుంటుంది. చెమట తక్కువ. కాళ్ల చర్మం పొడిబారి పొలుసులు లేస్తుంది, ఎంత కొబ్బరినూనె రాసినా అంతే. మూడు నాలుగు రోజులకోసారి గాని విరేచనం కాదు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ సిరప్ నెలల తరబడి పోసినా హిమోగ్లోబిన్ కదలదు. పాత ఫొటోలు పక్కన పెట్టి చూస్తే ముఖం ఉబ్బడం, కళ్ల కింద బరువు తెలుస్తాయి. అద్దం ముందు గుటక మింగమంటే మెడ కింది భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో వాపు పైకీ కిందికీ కదులుతూ కనిపించవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా పెద్ద విషయం కాదు. ఎత్తు ఆగిపోవడంతో కలిసి వస్తే మాత్రం అనుమానించడానికి అంతకంటే ఏం కావాలి?

మందు మొదలయ్యాక బడి సంగతి తిరగబడుతుంది, దీని గురించి తల్లిదండ్రులను ముందే హెచ్చరించాలి. హార్మోను మామూలు స్థాయికి వచ్చిన మొదటి కొన్ని నెలల్లో కొందరు పిల్లలు ఒకచోట కుదురుగా కూర్చోలేరు, ఎదురు మాట్లాడతారు, ధ్యాస నిలవదు, మార్కులు కాస్త తగ్గుతాయి కూడా. మందు పడలేదని ఇంట్లోవాళ్లు కంగారుపడి మాత్ర ఆపేసేది ఇప్పుడే. నిజానికి పిల్ల ఆ వయసు పిల్లలా ఉండటం మొదలుపెట్టింది. ఏళ్లుగా నెమ్మదిగా నడిచిన ఒళ్లు ఒక్కసారిగా ఊపందుకుంటే అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది. పబ్లిక్ పరీక్షల ముందు మందు మొదలుపెట్టాల్సి వస్తే ఈ సంగతి టీచర్ల చెవిన కూడా వేయడం మంచిది. ఇది ఒకవైపు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం వస్తే అది వేరు, తల లోపల ఒత్తిడి పెరిగిందేమో చూడాలి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇది అరుదు. కుంటడం, తుంటి నొప్పి, మోకాలి నొప్పి అంటే తుంటి ఎక్స్‌రే తీయించాలి. థైరాయిడ్ తగ్గిన పిల్లల్లో తొడ ఎముక తల దాని మెడ మీద నుంచి జారే ప్రమాదం ఉంది, దాని నొప్పి తరచు మోకాల్లో తెలుస్తుంది.

యుక్తవయసు ఆలస్యం, అరుదుగా తొందర

గాజువాక పాపకు ఎడమచేతి ఎక్స్‌రే తీశారు. చేతి ఎముకల ఎదుగుదలను ప్రామాణిక చిత్రాలతో పోల్చి ఎముక వయసు చెబుతారు. పాప వయసు 11, ఎముకల వయసు ఎనిమిదిన్నర. ఎముకలు ఎక్కడ ఉంటే యుక్తవయసు కూడా దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే థైరాయిడ్ తగ్గిన పిల్లల్లో ఎక్కువమందికి యుక్తవయసు ఆలస్యమవుతుంది. ఆడపిల్లల్లో 13 ఏళ్లు నిండినా రొమ్ముల ఎదుగుదల మొదలవకపోతే, మగపిల్లల్లో 14 నిండినా వృషణాలు పెరగకపోతే ఆలస్యం అంటారు. అప్పటికే రజస్వల అయిన అమ్మాయికి జబ్బు వస్తే నెలసరి తప్పడం, లేదా రోజుల తరబడి ఆగకుండా ఎక్కువగా పోవడం కనిపిస్తుంది. అమ్మాయి ఇంకా పెద్దమనిషి కాలేదేమని చుట్టాలు అడిగే దాకా ఆగకుండా, అమ్మ గమనించాల్సింది పోయిన రెండేళ్లలో గౌను పొడవు మారిందా లేదా అన్నది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే సంగతి ఒకటుంది. అది అరుదే గాని, తెలియకపోతే ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. 1960లో వాన్ వైక్, గ్రంబాక్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు థైరాయిడ్ బాగా తగ్గి, చిన్న వయసులోనే నెలసరి మొదలైన ఆడపిల్లల గురించి రాశారు. ఏడెనిమిదేళ్ల పిల్లకు రొమ్ములు పెరుగుతాయి, రక్తస్రావం అవుతుంది, స్కానింగ్‌లో అండాశయాల్లో పెద్ద నీటితిత్తులు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి చికిత్స లేక టీఎస్‌హెచ్ వందల్లోకి వెళ్లినప్పుడు, అండాశయాన్ని మేల్కొలిపే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోను తలుపును అది కూడా తట్టగలదు. రెండు హార్మోన్ల నిర్మాణంలో కొంత పోలిక ఉంది. దాంతో మెదడు నుంచి అసలు యుక్తవయసు సంకేతం రాకుండానే అండాశయం ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది. మగపిల్లల్లో ఇదే కారణంతో వృషణాలు పెద్దవవుతాయి, కాని గొంతు మారదు, మీసం రాదు.

మిగతా కారణాలతో ముందే యుక్తవయసు వచ్చిన పిల్లలకూ వీళ్లకూ తేడా ఎక్స్‌రేలోనే తెలిసిపోతుంది. మామూలుగా యుక్తవయసు తొందరపడితే పిల్లలు గబగబా పొడుగెదుగుతారు, ఎముకల వయసు అసలు వయసును దాటిపోతుంది. ఇక్కడ రొమ్ములు ముందుకు వెళ్తాయి, ఎత్తు ఆగిపోతుంది, ఎముకల వయసు వెనకబడుతుంది, చంకల్లో వెంట్రుకలు ఉండవు. ఈ నాలుగూ కలిస్తే థైరాయిడ్ తప్ప మరొకటి దాదాపు ఉండదు. థైరాయిడ్ పరీక్ష చేయకుండా అండాశయంలో గడ్డ ఉందని కోత దాకా వెళ్లిన పిల్లలున్నట్టు వైద్య పత్రికల్లో ఉంది. తలకు ఎంఆర్ఐ తీస్తే పిట్యూటరీ ఉబ్బి కణితిలా కనిపించడం కూడా మామూలే. ఏళ్లుగా టీఎస్‌హెచ్ తయారుచేసి చేసి ఆ గ్రంథి పెరిగిపోయింది, అంతే. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకే తిత్తులు, ఆ ఉబ్బు, రక్తస్రావం అన్నీ సర్దుకుంటాయి. కోత పెట్టాలనే మాట వచ్చిన ఏ చిన్నపిల్ల విషయంలోనైనా టీఎస్‌హెచ్ చూశారా అని అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఇక చికిత్స. మందు ఒక్కటే, లీవోథైరాక్సిన్. మోతాదు బరువును బట్టి ఉంటుంది, చిన్నపిల్లలకు కిలోకు ఎక్కువ కావాలి. మూడు నుంచి పదేళ్ల మధ్య కిలోకు 3 నుంచి 5 మైక్రోగ్రాములు, పది దాటాక 2 నుంచి 4. పెద్దవాళ్లకు కిలోకు ఒకటిన్నర చిల్లర సరిపోతుంది. అమ్మ సీసాలోంచి అమ్మ మోతాదే పిల్లకు వేయడం అందుకే కుదరదు. గాజువాక పాప బరువు 34 కిలోలు. ఏళ్ల తరబడి తీవ్రంగా తగ్గి ఉంది కాబట్టి డాక్టరు 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, కొన్ని వారాల వ్యవధిలో మెల్లగా 75కి తీసుకెళ్లారు. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు గాని మళ్లీ పరీక్ష చేయరు. హార్మోను ఒంట్లో సగానికి తగ్గడానికే వారం దాకా పడుతుంది, అది ఒక స్థాయిలో కుదురుకోవాలంటే అన్ని వారాలు కావాలి.

మొదటి రెండు నెలల్లో పాప బరువు రెండు కిలోలు తగ్గింది, ఫ్యాను తగ్గించమనడం మానేసింది. మొదటి ఏడాది 9 సెంటీమీటర్లు పెరిగి 141కి వచ్చింది. ఇంట్లో అందరికీ ఇక పోయిందంతా తిరిగి వచ్చేస్తుందనిపించింది. అయితే మందు ఎత్తుతోపాటు ఎముకల వయసును కూడా పరుగెత్తిస్తుంది. వెనకబడిన ఎముకలు ఏడాదిన్నరలో రెండున్నరేళ్ల దూరం వెళ్తాయి, యుక్తవయసు వెంటనే మొదలవుతుంది, ఎముక చివరి పొరలు మూసుకునే గడియారం వేగంగా తిరుగుతుంది. రెండో ఏడాది పాప 6.5 సెంటీమీటర్లు, మూడో ఏడాది 3 పెరిగింది. ఆ తర్వాత ఒకటిన్నర. చివరికి 152 దగ్గర ఆగింది. అమ్మ 156, నాన్న 168 అయితే, నాన్న ఎత్తులోంచి 13 తీసి అమ్మ ఎత్తుతో కలిపి సగం చేస్తే పాప అందుకోవాల్సిన ఎత్తు 155.5. మూడున్నర సెంటీమీటర్లు పోయాయి. జబ్బు ఎక్కువ కాలం కనిపెట్టకపోతే, యుక్తవయసు దగ్గర పడ్డాక మందు మొదలైతే, ఆ నష్టం ఇంతకంటే ఎక్కువే ఉండవచ్చు. యుక్తవయసును కొంతకాలం ఆపే ఇంజెక్షన్లు ఇచ్చి ఎత్తు కాపాడే ప్రయత్నాలు కొన్నిచోట్ల చేస్తారు గాని, అందరికీ ఫలితం ఒకేలా ఉండదు. తొమ్మిదేళ్లకే కనిపెట్టి ఉంటే ఆ ఇంజెక్షన్ల ప్రస్తావనే వచ్చేది కాదు.

మాత్ర వేసుకోవడం చిన్న పని, పాడయ్యేది కూడా అక్కడే. పొద్దున నీళ్లతో వేసుకుని, పాలకు, టిఫినుకు అరగంట నుంచి గంట ఎడం ఇవ్వాలి. ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటల దూరంలో ఉండాలి, అవి పొట్టలోనే ఈ మందును పట్టుకుని రక్తంలోకి వెళ్లనివ్వవు. మీల్‌మేకర్ లాంటి సోయా పదార్థాలు కూడా కొంతవరకు అంతే. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి మామూలుగా తింటే ఏమీ కాదు, వాటి మీద పడ్డ నింద పెద్దది. విశాఖ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి సీసా మూత బిగించి ఎండ తగలని చోట ఉంచాలి. స్నానాల గది అలమార, పొయ్యి పక్క గూడు దానికి తగిన చోట్లు కావు. వారానికి సరిపడా మాత్రలు తీసి కాగితంలో చుట్టి హాస్టల్‌కు పంపితే మందు బలం తగ్గుతుంది.

ఇంటర్ కోసం హాస్టల్‌లో చేరిన తర్వాత మోతాదు సరిపోవడం లేదన్న ఫిర్యాదులు ఎక్కువ. పొద్దున ఐదున్నరకు స్టడీ అవర్, ఆ వెంటనే పాలు, టిఫిను. మాత్రకు మధ్యలో గంట ఎక్కడ దొరుకుతుంది? అలాంటి పిల్లలకు రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత, పడుకునే ముందు వేసుకోమని చెప్పడం మేలు, రోజూ అదే వేళకు వేసుకుంటే సరిపోతుంది. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, మర్నాడు గుర్తొస్తే రెండూ కలిపి వేసుకున్నా ప్రమాదం లేదు.

మరిచిపోవడం అలవాటైతే రిపోర్టు ఆ సంగతి చెప్పేస్తుంది. దసరా సెలవులకు ఇంటికొచ్చిన అమ్మాయికి టీఎస్‌హెచ్ 20 దాటి, ఫ్రీ టీ4 మాత్రం మామూలుగానో కాస్త ఎక్కువగానో వచ్చిందనుకుందాం. మోతాదు చాలకపోతే రెండూ చెడిపోవాలి. ఈ వింత కలయికకు మామూలు అర్థం ఒకటే: నెలల తరబడి మాత్ర సరిగ్గా వేసుకోలేదు, పరీక్ష ఉందని తెలిసిన చివరి వారం రోజులు మాత్రం తప్పకుండా వేసుకుంది. టీ4 రోజుల్లో పెరుగుతుంది, టీఎస్‌హెచ్ దిగడానికి వారాలు కావాలి. అప్పుడు మోతాదు పెంచితే, ఇంట్లో అమ్మ దగ్గరుండి రోజూ వేయించే వేసవి సెలవుల్లో అది ఎక్కువై గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. డాక్టరు కొత్త చీటీ రాసేముందు సీసాలో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టమంటే, వంద మాత్రల సీసా కొని మూడు నెలలైనా ఇంకా అరవై ఉండటం అప్పుడు బయటపడుతుంది.